లాడ్జి వైఫైలో అందరికీ ఒకే ఐపీ, లిమిట్ దేనిమీద పెట్టాలి?

తిరుపతిలో యాత్రికులకు బస్సులు, గదుల గురించి జవాబులిచ్చే చాట్ యాప్ నడుపుతున్నాం. బిల్లు పెరిగిపోతుంటే లాగులు చూశాను, `cached_tokens` ప్రతిసారీ 0. సిస్టమ్ ప్రాంప్ట్ మొదటి వరుసలోనే సెకన్లతో సహా టైమ్ పెట్టాం, మొదలే మారిపోతే వెనకున్న 3,000 టోకెన్లు ఒకేలా ఉన్నా క్యాష్ కలవదు కదా, దాన్ని చివర్లో యూజర్ ప్రశ్న పక్కకి మార్చాక 2,816 కనిపిస్తోంది. అది సరిపోయింది.

ఇప్పుడు టెన్షన్ లిమిట్‌తోనే. ఒక్కో ఐపీకి నిమిషానికి 10 ప్రశ్నలని పెట్టాం, బస్టాండ్ దగ్గర లాడ్జిలో అందరిదీ ఒకే వైఫై, దాంతో పదకొండో ప్రశ్న ఎవరిదైనా 429 వస్తోంది. రాత్రి 2 గంటలకు ఎవరో పాపం అదే ప్రశ్న 4 సార్లు టైప్ చేసి వదిలేశారు. లాగిన్ పెట్టకుండా, ఫోనుకి రోజుకిన్ని టోకెన్లని లెక్కగట్టడానికి కుకీ చాలా? చెరిపేసి మళ్లీ వస్తే ఎలా ఆపాలి? చేసినవాళ్లు చెప్పండి.