అప్‌డేట్: ఆ ఒక్క స్టార్ రివ్యూకి జవాబు పెట్టాను

నా ప్రశ్న: బ్లౌజ్ రెండు రోజులు లేటైందని ఒకావిడ మా టైలరింగ్ షాపుని గూగుల్‌లో ‘దొంగలు’ అని రాశారు. ఏమని జవాబివ్వాలి?

ముందు రాసుకున్న పది లైన్లూ తీసేశాను. ఆవిడ బాకీ ఉన్న 300 రూపాయల సంగతి కూడా అందులో రాసేశాను, తల్చుకుంటే సిగ్గేసింది. చివరికి పెట్టింది ఇదీ:

“నమస్కారమండీ. 12న ఇస్తామన్న బ్లౌజ్ 14న ఇచ్చాం, తప్పు మాదే. మగ్గం వర్క్ దగ్గర ఆలస్యమైంది, మీకు ముందే ఫోన్ చేయాల్సింది. కుట్టులో ఏదైనా సరిచేయాల్సి ఉంటే డబ్బు తీసుకోకుండా చేస్తాం. షాపు నంబరుకి ఫోన్ చేయండి.”

‘దొంగలు’ అన్న మాట ఎత్తనే లేదు. మర్నాడు ఆవిడే ఫోన్ చేసి చంక దగ్గర బిగువుగా ఉందన్నారు. వదులు చేసిచ్చాను. స్టార్ మాత్రం ఇంకా ఒకటే. మార్చమని నేనూ అడగలేదు.