స్టాప్‌వాచ్ తప్పును పీపీఎంలో చెప్పడం ఎలా?

విజయనగరం_ల్యాబ్: మా ఫిజిక్స్ ల్యాబ్ స్టాప్‌వాచ్‌ను ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబరేటరీ సమయానికి సరిచేసిన కంప్యూటర్‌తో పోల్చాను. మధ్యాహ్నం పన్నెండింటికి నొక్కి, మర్నాడు పన్నెండింటికి ఆపితే 24 గంటల 1.21 సెకన్లు చూపింది. 1.21ని 86,400తో భాగించి పది లక్షలతో హెచ్చిస్తే 14 పీపీఎం, అంటే పది లక్షలకు 14 వంతుల తేడా వచ్చింది. ఈ అంకెను నమ్మవచ్చా? ఫ్రీక్వెన్సీ కౌంటర్‌నూ ఇలాగే చూడాలా?

పరుగుల_మాస్టారు: రోజంతా ఎందుకండీ, గంట చాలు. మా పోటీల్లో ఒకే పరుగుకు రెండు వాచీలు పదోవంతు సెకను తేడా చూపాయి. ఒక పిల్లవాడికి పతకం పోయింది. ముందు అలాంటి వాచీలను పారేయాలి.

పాతరేడియో: అది వాచీ తప్పు కాదు మాస్టారూ, వేలి తప్పు. 14 పీపీఎం వాచీ పదకొండు సెకన్ల పరుగులో సెకనులో వెయ్యోవంతు కూడా తప్పదు. నొక్కేటప్పుడు, ఆపేటప్పుడు కలిపి 0.2 సెకను తేడా వచ్చిందనుకోండి. గంట పరీక్షలో అదొక్కటే 56 పీపీఎం, రోజు పరీక్షలో 2.3. కాబట్టి విజయనగరం వారి 14ను రెండు మూడు అటూ ఇటూగా నమ్మవచ్చు.

పరుగుల_మాస్టారు: ఇరవై ఏళ్లుగా వాచీ పడుతున్న వేలు నాది. దాన్ని తప్పుపట్టకండి.

కౌంటర్_రాజు: నా కౌంటర్‌కు పరీక్షే అక్కర్లేదు. 10 మెగాహెర్ట్జ్ ఇస్తే 10,000,000 నుంచి ఒక్క అంకె కూడా కదలదు.

పాతరేడియో: ఆ 10 మెగాహెర్ట్జ్ ఎక్కడి నుంచి ఇస్తున్నారు?

కౌంటర్_రాజు: దాని వెనక సాకెట్ నుంచే.

పాతరేడియో: అక్కడ వచ్చేది దాని సొంత క్రిస్టల్ సిగ్నలే. క్రిస్టల్ ఎంత జరిగినా గేటూ, అంటే కౌంటర్ సైకిళ్లను లెక్కపెట్టే వ్యవధీ, అంతే జరుగుతుంది, అంకె మారదు. జీపీఎస్‌కు లాక్ చేసిన ఆసిలేటర్ నుంచి ఇచ్చి చూడండి.

కౌంటర్_రాజు: స్నేహితుడి దగ్గర జీపీఎస్ ఆసిలేటర్ ఉంటే పెట్టి చూశాను. 10,000,023 వచ్చింది. అంటే నా క్రిస్టల్ 2.3 పీపీఎం వేగం. ట్రిమ్మర్‌తో తగ్గిస్తాను.

పాతరేడియో: ఆగండి! మీ క్రిస్టల్ నెమ్మది. దాని సెకను అసలు సెకను కంటే పొడుగు, అందుకే ఆ గేటులో 23 సైకిళ్లు ఎక్కువ పడ్డాయి. తగ్గిస్తే తప్పు ఇంకా పెరుగుతుంది.

కౌంటర్_రాజు: స్టాప్‌వాచ్ ఎక్కువ చూపితే వేగం, కౌంటర్ ఎక్కువ చూపితే నెమ్మదా? ఇదెక్కడి న్యాయం?

పాతరేడియో: స్టాప్‌వాచ్ తన టిక్కులనే లెక్కపెడుతుంది. కౌంటర్ తన టిక్కులతో బయటివాటిని కొలుస్తుంది. గుర్తు తిరగబడేది అందుకే.

కౌంటర్_రాజు: కాగితం మీద వేసి చూస్తేగానీ ఒప్పుకోను.

రామగుండం_ఎండ: గది వేడి ఎవరూ అడగలేదేమి? వాచీల్లోని 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ దాదాపు 25 డిగ్రీల దగ్గరే అన్నిటికంటే వేగంగా నడుస్తుంది. 40 డిగ్రీలకు సుమారు 7, 8 పీపీఎం వెనకబడుతుంది. పరీక్ష ఫ్యాను కింద చేశారా, కిటికీ పక్కనా?

విజయనగరం_ల్యాబ్: పగలు కిటికీ పక్కన, రాత్రి బీరువాలో ఉంది. థర్మామీటర్ పక్కన పెట్టి, బీరువాలోనే ఉంచి మళ్లీ చేస్తాను.