నవోదయ హాస్టల్లో ఉన్న పదకొండేళ్ల పాపకు పుట్టినరోజు కానుకగా ఏం పంపవచ్చు?

ఆరో తరగతి పాప తల్లి:
అందరికీ నమస్కారం. మా పాప ఈ ఏడాదే నవోదయలో ఆరో తరగతిలో చేరింది. సెప్టెంబరులో దానికి పదకొండేళ్లు నిండుతాయి, దసరా సెలవుల దాకా ఇంటికి రాదు. పుట్టినరోజుకు ముందు వచ్చే ఆదివారం మేము వెళ్లి చూడవచ్చు. ఫోను, బంగారం, కరెంటుతో నడిచే వస్తువులు, బయటి తినుబండారాలు లోపలికి తీసుకువెళ్లనివ్వరు. సామాను అంతా ఒక్క ట్రంకు పెట్టెలో ఇమడాలి. అది ఇప్పటికే యూనిఫాంలు, పుస్తకాలు, సబ్బులతో నిండిపోయి, మూత నొక్కి పట్టుకుంటే తప్ప తాళం పడటం లేదు. పగలంతా బాగానే ఉంటుందనీ, రాత్రి పడుకునే ముందు మాత్రం ఏడుస్తుందనీ మేట్రన్ గారు చెప్పారు. ఐదు వందల రూపాయల లోపు దానికి పనికివచ్చేది ఏదైనా చెప్పగలరా?

ఇంటర్ అబ్బాయి తండ్రి:
మా అబ్బాయి కూడా హాస్టల్లోనే ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడు స్మార్ట్ వాచీ కావాలంటే కొనిచ్చాము. వారం తిరక్కుండానే తనిఖీలో తీసేసుకున్నారు, ఏడాది చివర్లో గాని తిరిగి ఇవ్వలేదు. కాబట్టి ఖరీదైనది ఏదీ పంపకండి. మామూలు అలారం గడియారం ఒకటి ఇస్తే చాలు, పొద్దున్నే లేచి చదువుకుంటుంది.

ఆరో తరగతి పాప తల్లి:
అన్నయ్య గారూ, అక్కడ తెల్లవారుజామునే గంట కొట్టి అందరినీ లేపుతారు. మా పాపకు కష్టమంతా నిద్ర పట్టకముందే.

పిండివంటలు చేసే గృహిణి:
సున్నుండలో, జంతికలో గాలి చొరని డబ్బాలో పెట్టి ఇవ్వండి. ఇంటి రుచి నోట్లో పడితే బెంగ సగం తగ్గిపోతుంది. పదిహేను రోజులైనా పాడవవు.

విశ్రాంత మేట్రన్:
ఆడపిల్లల వసతిగృహాల్లో ఇరవై రెండేళ్లు పనిచేశాను కనుక కొంచెం వివరంగా రాస్తాను. సున్నుండలు పాడవవన్న మాట నిజమే. కానీ గదిలో ముప్పై మంది ఉంటారు; డబ్బా తీసిన మొదటి సాయంత్రానికే అది ఖాళీ అవుతుంది, లేదా పాప దాచుకుని ఒంటరిదవుతుంది. రెండో రోజుకు పెట్టెలోకి చీమలు చేరతాయి. మీరు వెళ్లిన రోజున పక్కన కూర్చుని తినిపించండి, మిగిలినది వెనక్కి తెచ్చుకోండి.

అమ్మా, మీ పాప ఏడ్చేది దీపాలు ఆర్పే వేళ కనుక, కానుక ఆ వేళకు పనికిరావాలి. నా అనుభవంలో దీనికి అన్నింటికన్నా బాగా పనిచేసింది అమ్మ పాత నూలు చీరతో కుట్టిన దిండు గలీబు. ముందుగా హాస్టల్ దిండు కొలత అడిగి తెలుసుకోండి. చాలాసార్లు ఉతికి మెత్తబడిన చీరను ఎంచుకోండి. జరీ అంచు చెంపకు గుచ్చుకుంటుంది కనుక అంచు కత్తిరించేయండి. గుండీలు, జిప్పులు వద్దు, నోటి దగ్గర జానెడు గుడ్డ లోపలికి మడిచి కుడితే దిండు జారదు. రంగు దిగుతుందేమో చూడటానికి ఒక మూల తడిపి తెల్ల గుడ్డ మీద గట్టిగా ఒత్తండి, మరక పడితే ఆ చీర పక్కన పెట్టేయండి. లోపలి మూలలో పాప పేరు, ఆమె హౌస్ పేరు రంగు దారంతో కుట్టండి. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే నాలుగు హౌస్‌ల పిల్లల బట్టలన్నీ ఒకే తీగ మీద ఆరుతుంటే పెన్నుతో రాసిన పేర్లు నాలుగు ఉతుకులకే చెరిగిపోతాయి.

తనిఖీ రోజున పక్కలన్నీ ఒకేలా ఉండాలంటారు కదా, దానికీ ఉపాయం ఉంది. చీర గలీబును దిండుకు ముందు తొడిగి, దాని మీద బడి ఇచ్చిన తెల్ల గలీబు వేయాలి. రాత్రి పైది లాగేస్తే చెంపకు అమ్మ చీరే తగులుతుంది, పొద్దున మళ్లీ తొడిగేస్తుంది. రెండు కుట్టండి, ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు రెండోది ఉంటుంది. ఇచ్చే ముందు మూడు నాలుగు రాత్రులు మీరే వాటి మీద పడుకోండి, ఆ తర్వాత ఉతకకండి. పెట్టెలో రెండూ కలిపి ఒక నోటుపుస్తకమంత చోటు కూడా తీసుకోవు.

ఇంకొక్క మాట. కానుకను బయలుదేరే ముందు గేటు దగ్గర ఇవ్వకండి. అప్పుడిస్తే అది చూసినప్పుడల్లా మీరు వెళ్లిపోయిన క్షణమే గుర్తుకొస్తుంది. వెళ్లిన అరగంటలోనే ఇచ్చి, దిండుకు ఎలా తొడగాలో ఇద్దరూ కలిసి చేసి చూడండి.

నవోదయ పాత విద్యార్థి:
మేడమ్ గారు చెప్పినది నిజం. నేనూ ఆరు నుంచి పన్నెండు దాకా అక్కడే చదివాను. నా వంతుగా ఒకటి చెబుతాను. మా అమ్మమ్మ పాత లంగా గుడ్డ మీద అష్టాచెమ్మా గళ్లు కుట్టి ఇచ్చింది, అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు. మడిస్తే చేతిరుమాలంత అయ్యేది. గవ్వలు నాలుగు చాలు గాని రెండు ఎక్కువ వేయండి, మంచాల కింద దొర్లిపోతాయి. అవీ పోతే చింతపిక్కలు పగలగొట్టి వాడుకునేవాళ్లం. ఆట ఉన్నవాడి మంచం దగ్గరకు మిగతా పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. నాకు మొదటి స్నేహితులు అలాగే దొరికారు. తొమ్మిదో తరగతిలో నన్ను ఒక ఏడాది హిందీ ప్రాంతపు నవోదయకు పంపినప్పుడు కూడా ఆ గుడ్డ నా వెంటే వచ్చింది, ఆ ఆట నేర్పడానికి నాకు వచ్చిన కాస్త హిందీ సరిపోయింది.

మరో సంగతి, ట్రంకు పెట్టె మూత లోపలి వైపు ఇంటిల్లిపాది ఫొటో అతికించండి. చోటు అవసరం లేదు.

విశ్రాంత మేట్రన్:
బాబూ, ఆట గుడ్డ మంచి ఆలోచన. ఫొటో విషయంలో మాత్రం నాకు సందేహం ఉంది. మొదటి నెలల్లో పెట్టె తెరిచిన ప్రతిసారీ ఏడ్చిన పిల్లల్ని చూశాను, సబ్బు తీసుకోవడానికి వెళ్లి అక్కడే కూర్చుండిపోయేవారు. దసరా తర్వాత అతికిస్తే మేలని నా అభిప్రాయం.

నవోదయ పాత విద్యార్థి:
నాకైతే ఆ ఫొటో లేకపోతే మరీ కష్టమయ్యేది, మేడమ్. ఏడ్చేవాణ్ణి, కానీ ఏడ్చాక లేచి వెళ్లేవాణ్ణి.

పిండివంటలు చేసే గృహిణి:
వారానికొక ఉత్తరం రాయవచ్చు కదా? నువ్వు లేక ఇల్లు బోసిపోయిందని రాస్తే దానికీ ప్రేమ తెలుస్తుంది.

విశ్రాంత మేట్రన్:
ఉత్తరం తప్పక రాయాలి, కానీ ఆ వాక్యం మాత్రం వద్దమ్మా. అది చదివిన పిల్ల తన వల్లే ఇంట్లో అందరూ బాధపడుతున్నారని అనుకుంటుంది, రాత్రంతా దాన్నే తలచుకుంటుంది. దూడ తాడు తెంపుకుని బీరపాదు మేసిందని రాయండి, పక్కింటి తాతగారు కొత్త కళ్లజోడు పెట్టుకున్నారని రాయండి. చివర్లో దానికి జవాబు చెప్పాలనిపించే ప్రశ్న ఒకటి అడగండి. మీ చిరునామా రాసిన ఇన్‌లాండ్ కవర్లు నాలుగు ఆ గలీబు మడతలో పెట్టి ఇవ్వండి. ఎక్కువ ఇస్తే రాయడం మరో హోంవర్కు అవుతుంది.

ఆరో తరగతి పాప తల్లి:
మేడమ్ గారూ, మీకు శతకోటి నమస్కారాలు. నిన్న చీరలు తీసి తడిపి చూశాను. పాపకు బాగా ఇష్టమైన నీలం చీర తెల్ల గుడ్డ మీద మరక వేసింది, కనుక చిలకపచ్చ చీరతో రెండు గలీబులు కుడుతున్నాను. ఆట గుడ్డను మా అత్తగారు మొదలుపెట్టారు. ఫొటో సంగతి ఇంకా తేల్చుకోలేదు. ఆదివారం పాపనే అడుగుతాను. ఆ నీలం చీర రంగు ఉప్పునీళ్లలో నానబెడితే నిలుస్తుందని మా అత్తగారు అంటున్నారు, ఎవరైనా చేసి చూశారా?

విశ్రాంత మేట్రన్:
ఉప్పు వేసి నానబెట్టి చూశానమ్మా. ఒక చీరకు కాస్త నిలిచింది, ఇంకోదానికి అసలు నిలవలేదు. తెల్ల గలీబు కింద ఉండాల్సినది కనుక ఈసారికి పచ్చదే పంపండి.