ఇంటి దగ్గర చూసే పాఠం వీడియో: ఒకటే పెట్టి విభాగాలు చేయాలా, ముక్కలుగా ఇవ్వాలా?

లెక్కల టీచర్, జిల్లా పరిషత్ హైస్కూల్

పదో తరగతికి వర్గ సమీకరణాల పాఠం వీడియో తీశాను. 26 నిమిషాలు వచ్చింది. పిల్లలు ఇంటి దగ్గర చూసి వస్తే క్లాసులో లెక్కలు చేయించాలని నా ఉద్దేశం. దీన్ని ఒకే వీడియోగా ఉంచి లోపల విభాగాలు పెట్టాలా, నాలుగైదు నిమిషాల ముక్కలుగా కోసి విడివిడిగా ఇవ్వాలా? పరీక్షల ముందు మళ్లీ వెతుక్కుని చూడటానికి ఏది మేలు?

వీడియో ఎడిటర్

ముక్కలే మేలు మేడమ్, సందేహం అక్కర్లేదు. ఆరు నిమిషాలు దాటితే పిల్లలు చూడరని ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల మీద 2014లో చేసిన పరిశోధనలోనే తేలింది. 26 నిమిషాలను ఐదు భాగాలు చేయండి. ఒక్కోటి ఐదు నిమిషాల పైచిలుకు వస్తుంది, సరిపోతుంది.

టీచర్లకు శిక్షణ ఇస్తుంటాను

ఆ పరిశోధన నిజమే. నాలుగు కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించారు. చిన్న వీడియోల్ని జనం ఎక్కువ భాగం చూశారు, అది కూడా నిజం. కానీ వాళ్లు కొలిచింది ఎంతసేపు చూశారన్నది. ఎంత నేర్చుకున్నారన్నది అందులో లేదు. పైగా వాళ్లు ఇష్టపడి ఆన్‌లైన్ కోర్సులో చేరినవాళ్లు. చూడకపోతే మర్నాడు క్లాసులో టీచర్ అడుగుతుందన్న భయం వాళ్లకు లేదు. అందుకే ఆరు నిమిషాల లెక్కను గడియారం పెట్టి పాటిస్తే మీ పాఠం ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. ఐదో నిమిషానికి మీరు లెక్క మధ్యలో ఉంటే ఏం చేస్తారు?

మేడమ్, మీ 26 నిమిషాల్లో కారణాంక పద్ధతి, వర్గాన్ని పూర్తిచేయడం, సూత్రం మూడూ ఉండి ఉంటాయి. అవి మూడు వేరు వేరు పాఠాలు. కాబట్టి మూడు వీడియోలు చేయండి, ఒక్కో పద్ధతిని మాత్రం లోపల ముక్కలు చేయకండి. వర్గాన్ని పూర్తిచేయడానికి ఎనిమిది నిమిషాలు పట్టినా ఫర్వాలేదు, దానికి విభాగాలు పెడితే చాలు.

ఉదాహరణకు 2x² − 5x + 3 = 0 తీసుకోండి. పిల్లలు ఆగిపోయే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. మొదటిది, అన్నిటినీ 2తో భాగించడం మర్చిపోతారు. రెండోది, x² − (5/2)x = −3/2 దాకా వచ్చాక 25/16 ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాదు. 5/2లో సగం 5/4, దాని వర్గం 25/16 అని మనం ఒక్క ఊపిరిలో అనేస్తాం. మూడోది, దాన్ని ఎడమవైపే కలిపి కుడివైపు వదిలేస్తారు. పరీక్షల ముందు పిల్లవాడు వెతికేది ఈ చోట్లనే. కాబట్టి విభాగం పేరు పిల్లవాడి సందేహం లాగా ఉండాలి. ‘దశ 3’ అని పెడితే వాడికి ఏమీ తెలియదు. యూట్యూబ్‌లో వీడియో కింద వివరణలో ఇలా రాయండి:

```
0:00 ఈ లెక్కలో ఏం కనుక్కోవాలి
0:40 x² ముందు 2 ఉంటే ఏం చేయాలి
2:10 25/16 ఎక్కడి నుంచి వచ్చింది
4:30 రెండు వైపులా ఎందుకు కలపాలి
5:50 ± ఎందుకు పెట్టాం
7:10 మీరు చేయాల్సిన లెక్క
```

మొదటి వరుస 0:00 కాకపోయినా, మొత్తం మూడు వరుసలకు తక్కువున్నా, ఏ భాగమైనా పది సెకన్లకు తగ్గినా విభాగాలు కనిపించవు.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. 4:30కి నేరుగా దూకిన పిల్లవాడికి తెరమీద అప్పటిదాకా వచ్చిన సమీకరణం కనిపించాలి. ప్రతి విభాగం మొదట్లో ‘ఇప్పుడు మన దగ్గర x² − (5/2)x = −3/2 ఉంది’ అని రాసి, చదివి, ఆ తర్వాతే ముందుకు వెళ్లండి. ‘ఇందాక చెప్పుకున్నట్టు’ అన్న మాట వీడియోలో వినిపించిందంటే ఆ విభాగం విడిగా నిలబడదని అర్థం. రికార్డింగ్ మళ్లీ విని ఆ మాట వచ్చిన చోటల్లా సరిచేసుకోండి.

పదో తరగతి అబ్బాయి వాళ్లమ్మని

మా ఇంట్లో ఒకటే ఫోన్ అండి, నేను డ్యూటీ నుంచి వచ్చాకే బాబు చూసేది. వాళ్ల స్కూలు వాళ్లు యూట్యూబ్‌లో పెట్టరు, వాట్సాప్ గ్రూపులో వీడియోలు పంపిస్తారు. మధ్యలో అందరూ ‘థాంక్యూ సర్’ అని మెసేజ్‌లు పెడతారు. రెండు వారాలయ్యాక ఏది ముందుదో ఏది తర్వాతదో తెలియక వాడు నా మీద విసుక్కుంటాడు. దీనికేదైనా దారి ఉందా?

టీచర్లకు శిక్షణ ఇస్తుంటాను

అమ్మా, మీరు మంచి విషయం గుర్తుచేశారు. నేను చెప్పిన విభాగాలు ఉండేది యూట్యూబ్ వివరణలో, వీడియో ఫైలులో కాదు. ఫైలు వాట్సాప్‌లో పంపితే అవి వెంట రావు. అక్కడ మాత్రం ఎడిటర్ గారి మాటే సరైనది, విడి ముక్కలే ఇవ్వాలి. అయితే వీడియో మొదలవగానే తెరమీద పెద్ద అక్షరాలతో ‘వర్గ సమీకరణాలు, మూడింటిలో రెండో భాగం: 25/16 ఎక్కడిది’ అని కొన్ని సెకన్లు ఉంచాలి. గ్రూపులో పైకి కిందకి జరుపుతున్నప్పుడు ఆ అక్షరాలే గుర్తు. టీచర్ మెసేజ్‌లోనూ అదే పేరు రాస్తే వెతుకులాటలో దొరుకుతుంది. టీచర్లు ఒక్కరే మెసేజ్ పెట్టేలా గ్రూపు సెట్టింగ్ మార్చమని మీరు స్కూల్లో అడగవచ్చు.

ఫిజిక్స్ లెక్చరర్, జూనియర్ కాలేజీ

పేర్లు అంత స్పష్టంగా పెడితే ఇంకో చిక్కు వస్తుంది సర్. మా పిల్లలు నేరుగా చివరి విభాగానికి వెళ్లి జవాబు నోట్‌బుక్‌లో దించేసుకుంటారు. నేను ఓమ్ నియమం మీద చేసిన వీడియోకి అదే జరిగింది. అందుకే మొదటిసారి చూడటానికి విభాగాలు లేకుండా ఇచ్చి, క్లాసు అయ్యాక వివరణలో చేరుస్తున్నాను. లెక్కకు జవాబు వీడియోలో అసలు చెప్పను.

టీచర్లకు శిక్షణ ఇస్తుంటాను

జవాబు చెప్పకపోవడం నాకు బాగా నచ్చింది. పై లెక్కలో కూడా (x − 5/4)² = 1/16 దగ్గర ఆపి, ‘ఇక్కడి నుంచి మీరు చేసి తీసుకురండి’ అనవచ్చు. 3/2, 1 అని రెండు మూలాలు తెచ్చినవాళ్లు, 3/2 ఒక్కటే తెచ్చినవాళ్లు క్లాసు మొదటి ఐదు నిమిషాల్లోనే తేలిపోతారు. రెండోవాళ్లు ± దగ్గర ఆగిపోయినట్టు.

విభాగాలు తర్వాత చేర్చడం గురించి మాత్రం నాకు అనుమానమే. మొదటిసారే తడబడిన పిల్లవాడికి వెనక్కి వెళ్లే దారి ఆ రాత్రే కావాలి కదా.

వీడియో ఎడిటర్

దీనికి మధ్యలో ప్రశ్న పెడితే సరిపోదా? హెచ్‌5పీ లాంటి వాటితో జవాబు ఇచ్చేదాకా వీడియో కదలకుండా ఆపవచ్చు.

లెక్కల టీచర్, జిల్లా పరిషత్ హైస్కూల్

మా పిల్లల ఫోన్లలో అది నడుస్తుందన్న నమ్మకం నాకు లేదండి. ప్రశ్న తెరమీద ఉంచి ‘వీడియో ఆపి నోట్‌బుక్‌లో రాయండి’ అంటే లాభం ఉంటుందా?

టీచర్లకు శిక్షణ ఇస్తుంటాను

ఉంటుంది. 2013లో హార్వర్డ్ పరిశోధకులు 21 నిమిషాల స్టాటిస్టిక్స్ వీడియోను నాలుగు భాగాలు చేసి, ప్రతి భాగం తర్వాత కొందరికి చిన్న పరీక్ష పెట్టారు. పరీక్ష రాసినవాళ్ల ధ్యాస తక్కువ చెదిరింది, నోట్స్ కూడా ఎక్కువ రాసుకున్నారు. అక్కడ పరీక్ష తప్పనిసరి. ఇంట్లో ఆపమంటే ఆపరు. అందుకే ఆ నోట్‌బుక్ పేజీని మర్నాడు మీరు తప్పక చూడాలి. 25/16 దగ్గర ఒక ప్రశ్న, ± దగ్గర ఒకటి, రెండు చాలు. నిమిషానికొకటి పెడితే పిల్లలు విసిగిపోతారు.

ఫిజిక్స్ లెక్చరర్, జూనియర్ కాలేజీ

అందరి నోట్‌బుక్‌లు రోజూ చూడటం మా దగ్గర కుదరదు సర్, సెక్షన్‌కు అరవై మంది ఉంటారు. విభాగాల సంగతికొస్తే, ఈ టర్మ్‌లో ఒక సెక్షన్‌కు ముందే, ఇంకో సెక్షన్‌కు క్లాసయ్యాక ఇచ్చి చూస్తాను. వీడియోలో ఏ చోట ఎంత చూశారో చూపించే యూట్యూబ్ గ్రాఫ్‌ను ఇంత తక్కువ మందికి నమ్మలేం. ఒక చోట మళ్లీ మళ్లీ చూశారంటే అర్థం కాక చూశారో, నోట్స్ రాసుకోవడానికి చూశారో దానికి తెలియదు. క్లాసులో ఎవరు ఎక్కడ ఆగారో రాసి పెట్టుకుంటాను.

లెక్కల టీచర్, జిల్లా పరిషత్ హైస్కూల్

రాసింది ఇక్కడ కూడా పెట్టండి సర్. నేను ముందు వర్గాన్ని పూర్తిచేసే భాగం ఒక్కటే మళ్లీ రికార్డ్ చేస్తాను. యూట్యూబ్ లింక్ ఒకటి, వాట్సాప్‌కు మూడు ముక్కలు, రెండూ ఇస్తాను. కారణాంక పద్ధతికి ఇంత హంగామా అవసరమా అన్నది ఇంకా తేల్చుకోలేదు.