క్యాప్సికం కాలిస్తే తొక్క సరిగా రావట్లేదు, ఎక్కడ పొరపాటు?

కొర్లగుంట కోడలు:
సంగటిలోకి పచ్చడి చేద్దామని మూడు క్యాప్సికంలు, నాలుగు టమాటాలు గ్యాస్ మీదే కాల్చాను. మాడిపోతాయన్న భయంతో సిమ్‌లో పెట్టి ఇరవై నిమిషాలు తిప్పుతూ నిలబడ్డా. క్యాప్సికం లోపల మెత్తబడిపోయింది కానీ తొక్క గోటితో గీకితే చిన్న చిన్న పీలికలుగా, కండతో సహా ఊడొస్తోంది. టమాటా రసమంతా బర్నర్ మీద కారింది.

బైరాగిపట్టెడ:
కాల్చగానే చన్నీళ్లలో వేసేయండి, ఇట్టే వస్తుంది. బజ్జీకి వంకాయలు మేం అలాగే ఒలుస్తాం.

చిత్తూరు పెద్దమ్మ:
నీళ్లలో వేస్తే చెయ్యి కాలదు, అది నిజమే నాయనా, కానీ కాలిన వాసనా తీపి రసమూ ఆ నీళ్లలోకే పోతాయి. అమ్మాయ్, నీ పొరపాటు సిమ్‌లో పెట్టడమే. తొక్క కిందున్న తడి ఒక్కసారిగా ఆవిరై తొక్కని పైకి లేపాలి, అప్పుడే బొబ్బలొస్తాయి. సన్న సెగకి తడి మెల్లగా ఆరిపోయి తొక్క అతుక్కునే ఉంటుంది, ఈలోగా లోపల ఉడికిపోతుంది. కాయ తడి తుడిచి, పుల్కా జాలీ మీద పెద్ద మంటలో పెట్టు, నూనె వద్దు. ఒక పక్క పూర్తిగా నల్లబడ్డాకే తిప్పు. మొత్తం 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. వెంటనే స్టీలు గిన్నెలో వేసి మూతపెట్టి 15 నిమిషాలు ముట్టుకోకు. మూత తీసేసరికి తొక్క ముడతలు పడి వదులుగా ఉంటుంది, బొటనవేలితో తోస్తే చాలు. గిన్నె అడుగున చేరిన రసం పారబోయకు, పచ్చడిలో పొయ్యి.

టమాటా అట్లా కాదు, దాని తొక్క పల్చన. గట్టి కాయ తీసుకుని 3, 4 నిమిషాలు తిప్పు, తొక్క చిట్లగానే దించు. మూత కింద 5 నిమిషాలు చాలు.

గ్రిల్ పెట్టె:
మాది ఇండక్షన్, మంట లేదు. ఓవెన్ గ్రిల్‌లో పై అరలో పెట్టి చూశా, పావుగంటైనా నల్లబడలేదు.

చిత్తూరు పెద్దమ్మ:
పైరాడ్ ఎర్రగా అయ్యాక పెట్టారా? గ్రిల్ అయితే కొంచెం నూనె రాసి, సగానికి కోసి, తొక్క పైకుండేలా పరవండి. రాడ్‌కి బెత్తెడు దూరం దాటకూడదు.

కొర్లగుంట కోడలు:
పెద్దమ్మా, ఈరోజు మీరు చెప్పినట్టే చేశా. రెండు కాయలకి తొక్క చొక్కా విప్పినట్టు వచ్చేసింది! మూడోది నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉండి కాస్త వడిలిన కాయ, దానికి బొబ్బలే సరిగా రాలేదు. తొడిమ చుట్టూ గుంటలోనూ తొక్క ఉండిపోయింది.

చిత్తూరు పెద్దమ్మ:
వడిలిన కాయలో తడి తక్కువ, ఇంకేం లేస్తుంది? అది కూరలో వేసెయ్. గుంట దగ్గర మంట తగలదు, తొడిమతో కలిపి కోసి తీసెయ్. నల్ల చుక్కలు ఒకటీ అరా ఉంటే ఉండనీ, అదే రుచి.

బైరాగిపట్టెడ:
మా ఇంట్లో ఆ చుక్కలుంటే చేదంటారండీ. తడిగుడ్డతో తుడిస్తే రుచి పోదు కదా?