ట్రైనింగ్ చేసినా "In Progress" అనే చూపిస్తాంది, మేనేజర్ మెయిల్ పెట్టినాడు

సుధీర్, ప్రొద్దుటూరు:
అన్నలకు, అక్కలకు నమస్తే. కాలిఫోర్నియాకు కొత్తగా వచ్చినా. ఈ పొద్దు మేనేజర్ టీమంతటికీ మెయిల్ కొట్టినాడు. తప్పనిసరి ట్రైనింగ్ పెండింగ్ ఉండేవాళ్ళు శుక్రవారం లోపల ముగించల్లంట, లేకుంటే సోమవారం నుంచి సిస్టం యాక్సెస్ ఆపుతారంట. టైం చాలకుంటే మీటింగులు తగ్గిస్తాడంట, టెక్నికల్ సమస్యైతే హెల్ప్‌డెస్క్‌కు టికెట్ వేసి తనను కాపీలో పెట్టమన్నాడు. వేధింపుల నివారణ కోర్సు నేను పోయిన వారమే చేసినా! వీసాకు ఏమన్నా ఇబ్బందా?

రమణ, తాడిపత్రి:
యాక్సెస్ తీసినారంటే ఉద్యోగం పోయినట్టే తమ్ముడూ. హెచ్1బికి 60 రోజులే టైం. మా అపార్ట్‌మెంట్ ఆఫీసోళ్ళూ ఇట్లనే చేసినారు. ఖాళీ చేస్తామని వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫారం నింపినాం, కనీసం ఒక మెయిలన్నా రాలే. అంతా అయినాక "మాకు నోటీసే అందలేదు" అని డిపాజిట్‌లో ఒక నెల బాడుగ కోసినారు. మా ఆవిడ పోయి అరిచినా రూపాయి రాలే. దేనికైనా ఫొటో తీసిపెట్టుకో.

విజయ, నంద్యాల:
రమణన్నా, పిల్లోన్ని భయపెట్టొద్దు. ఆ 60 రోజుల లెక్క ఉద్యోగం పోయినాక మొదలవుతుంది, లాగిన్ ఆగితే కాదు. సుధీర్, కోర్సు వేరే విండోలో తెరుచుకుంటాది గదా? చాలా కోర్సుల్లో ఆఖరి పేజీలో Exit నొక్కితేనే ఫలితం అసలు సైటుకు చేరేది. ల్యాప్‌టాప్ మూసేసినా, సెషన్ టైమౌట్ అయినా వీడియో చూసినట్టే ఉంటాది, లెక్కలోకి రాదు. మళ్ళీ తెరిచి, క్విజ్ మార్కులు కనపడేదాకా పోయి, Exit నొక్కి, పేజీ రిఫ్రెష్ చెయ్. అప్పటికీ మారకుంటే కోర్సు పేరు, తేదీ, మార్కులు కనపడేట్టు స్క్రీన్‌షాట్ తీసి టికెట్‌కు తగిలించు. మేనేజర్‌కు ఈ పొద్దే రాయి: "కోర్సు పూర్తి చేశాను, స్టేటస్ మారలేదు, టికెట్ నంబరు ఇది." శుక్రవారం దాకా ఆగితే హెల్ప్‌డెస్క్‌లో అందరి టికెట్లూ ఒకేసారి పడతాయి.

బాషా, కడప:
నా మాట విను, రాత్రి ఇంట్లో కూర్చొని చేసుకో. ఆఫీసు గంటల్లో రాస్తే క్లయింటు ఒప్పుకోడు.

విజయ, నంద్యాల:
అది తప్పు బాషా భాయ్. కాలిఫోర్నియాలో ఈ కోర్సు మామూలు ఉద్యోగికి గంట, సూపర్‌వైజర్‌కు రెండు గంటలు, రెండేండ్లకోసారి. సొంత టైంలో చేయమని కంపెనీ బలవంతపెట్టకూడదు, ఆ టైంకు జీతమియ్యల్ల.

బాషా, కడప:
చట్టం సరే అక్కా. కన్సల్టెన్సీలో ఉంటే ఆ గంట క్లయింటు టైంషీట్‌లో రాయల్లా, మన కంపెనీ టైంషీట్‌లోనా? నాకు ఇంతవరకూ ఎవరూ సూటిగా చెప్పలే.

సుధీర్, ప్రొద్దుటూరు:
అక్కా, మళ్ళీ తెరిస్తే క్విజ్ దగ్గరే ఆగిండాది, మార్కులు లేవు. ఇప్పుడు రాసి Exit నొక్కినా, ఇంకా In Progress అనే ఉండాది. స్క్రీన్‌షాట్‌తో టికెట్ వేసి, మేనేజర్‌కూ మెయిల్ పెట్టినా.

రమణ, తాడిపత్రి:
ఆ టికెట్ నంబరు యాడన్నా రాసి పెట్టుకో. డిపాజిట్ సంగతి మాత్రం మర్చిపోవద్దు, లీజు యాడ తీసుకున్నావు?