ఐసీయూ పోస్టుకు రెజ్యూమె: 17 సర్టిఫికెట్లూ ఉంచాలా?

గుంటూరు సిస్టర్: జీఎన్ఎం అయి మూడేళ్లు. గుంటూరులో జనరల్ వార్డులో చేస్తున్నాను. విజయవాడలో ఐసీయూ స్టాఫ్ నర్సు పోస్టుకు పెడదామనుకుంటున్నాను. రెజ్యూమె రెండో పేజీ అంతా సర్టిఫికెట్లే, మొత్తం 17. కోవిడ్ టైమ్‌లో విన్న వెబినార్లు కూడా ఉన్నాయి. ఉంచాలా, తీసేయాలా?

పటమట రవి: అన్నీ ఉంచండి సిస్టర్. పెద్ద ఆసుపత్రుల్లో రెజ్యూమెలు కంప్యూటర్‌లో వెతుకుతారు. వెంటిలేటర్, ఏసీఎల్ఎస్ అన్న మాటలు లేకపోతే మీది పైకే రాదు.

రిటైర్డ్ నర్సింగ్ సూపరింటెండెంట్: ఆ మాటలు ఉండాలన్నది నిజమే రవి గారూ. దానికి 17 అక్కర్లేదు.

అమ్మా, నేను రెజ్యూమె తీయగానే చూసేది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. అది లేకుండా నిన్ను డ్యూటీలో వేయలేను. అది లైసెన్సు. దాన్ని కోర్సుల మధ్య తొమ్మిదో వరుసలో పెడితే వెతుక్కోవాలి. మొదటి పేజీలో నీ పేరు కిందే పెట్టు: ఏ కౌన్సిల్, నంబరు, ఎప్పటిదాకా చెల్లుతుంది. ఆ తర్వాత బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్. ఎవరిచ్చారో, ఏ నెలతో గడువు తీరుతుందో రాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు రెండేళ్లే చెల్లుతుంది, కాబట్టి తేదీ లేకపోతే అనుమానం వస్తుంది.

మిగతా వాటిలో ఐసీయూ పనికి పనికొచ్చేవి, అడిగితే జవాబు చెప్పగలిగినవి మాత్రమే ఉంచు. ఒకమ్మాయి వెంటిలేటర్ కోర్సు రాసుకొచ్చింది. హై ప్రెషర్ అలారం మోగితే ముందు ఏం చేస్తావని అడిగాను. అలారం ఆపేస్తానంది. ముందు పేషెంటును చూడాలి, ట్యూబు మడత పడిందా, కొరుకుతున్నాడా, కఫం అడ్డుపడిందా చూడాలి. ఆ ఒక్క వరుస లేకపోతే నేను ఆ ప్రశ్నే అడిగేదాన్ని కాదు.

క్లౌడ్ కిరణ్: నాది సాఫ్ట్‌వేర్. నాకు ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ పేరు పక్కన పెట్టాకే కాల్స్ వచ్చాయి. మీరూ కోర్సులన్నీ పైనే పెట్టండి.

రిటైర్డ్ నర్సింగ్ సూపరింటెండెంట్: బాబూ, అది లేకపోయినా నువ్వు ఉద్యోగం చేయొచ్చు. రిజిస్ట్రేషన్ లేని నర్సు చేయకూడదు. రెండూ ఒకటి కావు.

గుంటూరు సిస్టర్: మేడమ్, నా ఏసీఎల్ఎస్ గడువు మార్చిలో అయిపోయింది. తీసేయనా?

రిటైర్డ్ నర్సింగ్ సూపరింటెండెంట్: తీయకు. గడువు ముగిసిందని రాసి, మళ్లీ చేసే తేదీ నిజంగా తీసుకుని ఉంటే అదీ రాయి.

ఆసుపత్రి హెచ్ఆర్, బెజవాడ: నేను ఒప్పుకోను మేడమ్. గడువు తీరిన కార్డు మా ఫైల్లో లెక్కకు రాదు. ఇంటర్వ్యూలో నోటితో చెబితే చాలు.

రిటైర్డ్ నర్సింగ్ సూపరింటెండెంట్: ఫైల్లో లెక్కకు రాదు, సరే. కానీ ఒకసారి నేర్చుకున్న పిల్లకూ అసలు నేర్చుకోని పిల్లకూ తేడా నాకు కాగితం మీదే కనిపించాలి.

గుంటూరు సిస్టర్: రిజిస్ట్రేషన్, బీఎల్ఎస్, 30 గంటల ఇన్ఫెక్షన్ కంట్రోల్ కోర్సు మిగిలాయి. వెంటిలేటర్ వెబినార్ గంటే విన్నాను, తీసేశాను. ఏసీఎల్ఎస్ రెన్యువల్‌కు ఈ రోజే డబ్బు కడుతున్నాను, తేదీ వచ్చాక రాస్తాను.